టీనేజీ సైన్స్ పత్రికకి తెలుగులో పేరు పెట్టడం ఎలా

పేరు పెడదామని నలుగురు కూర్చోగానే కాగితం మీద పడే మొదటి మాట ‘విజ్ఞాన’. దాని పక్కన జ్యోతి, ప్రభ, వాణి, వాహిని, దర్శిని, కిరణం, ఏది తగిలించినా ఒక పేరు తయారైపోతుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. మేము నలుగురం (రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ మాస్టారు, డీటీపీ చేసే ఒక మిత్రుడు, పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు, నేను) ఒక మాసపత్రిక కోసం మొదటి సాయంత్రం అరగంటలో పాతిక పేర్లు రాశాం, ఇరవై దాకా ఇలాంటివే. మా మేనకోడలు ఆ జాబితా చూసి ఒకే మాట అంది: “ఇవన్నీ బహుమతి ప్రదానంలో ఇచ్చే పుస్తకాల్లా ఉన్నాయి మామయ్యా, ఎవరూ విప్పరు.”

ఆ మాటలో న్యాయం ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది 1906లో. అప్పట్లో ‘విజ్ఞాన’ అంటే కొత్త గాలి. వందేళ్ళుగా ఆ మాటని పత్రికలకీ, సంస్థలకీ, కాలేజీలకీ, కోచింగ్ సెంటర్లకీ వాడి వాడి అరగదీశాం. ఇప్పుడు అది వింటే పద్నాలుగేళ్ళ పిల్లకి గుర్తొచ్చేది హోంవర్కే. కాబట్టి ముందుగా ఒక పని చేయండి. విజ్ఞాన, జ్ఞాన, వైజ్ఞానిక, శాస్త్ర అన్న నాలుగు మాటల్ని పక్కన పెట్టేయండి. బాల, చిన్నారి, చిట్టి, బుజ్జి కూడా పోవాలి. పదేళ్ళ వాడికి ‘బాల’ అంటే ఫర్వాలేదు, పదమూడేళ్ళ వాడికి అది అవమానం, బస్సులో పదిమంది ముందు ఆ అట్ట పట్టుకుని కూర్చోడు. ‘సైన్స్ పత్రిక అని ఎలా తెలుస్తుంది మరి’ అని ఎవరో ఒకరు అడుగుతారు. పేరు కింద చిన్న అక్షరాల్లో ‘టీనేజీ వాళ్ళ సైన్స్ మాసపత్రిక’ అని ఉపశీర్షిక ఉంటుంది కదా, ఆ పని అది చూసుకుంటుంది. పేరు మీద రెండు బరువులు పెట్టకండి.

తర్వాత పక్క భాషల వాళ్ళు ఏం చేశారో ఒక్కసారి చూడండి. భోపాల్‌లో ఏకలవ్య సంస్థ 1985లో మొదలుపెట్టిన హిందీ పత్రిక పేరు ‘చక్‌మక్’, మన జన విజ్ఞాన వేదిక నడిపే పత్రిక పేరు ‘చెకుముకి’, రెండూ నిప్పు పుట్టించే ఒకే రాయి. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ వాళ్ళ పిల్లల పత్రిక ‘యురేకా’. తమిళనాడులో ‘తుళిర్’ ఉంది, అంటే చిగురు. గుజరాతీలో ‘సఫారీ’ వచ్చేది. వీటిలో ఒక్కటీ ‘ఇది సైన్స్’ అని చెప్పదు. ఒక వస్తువో, ఒక చేష్టో, ఒక కేకో. చేత్తో పట్టుకోగలిగిందో, కళ్ళ ముందు జరిగేదో అయితే పేరుకి బొమ్మ వస్తుంది, బొమ్మ వస్తే గుర్తుంటుంది. మీ జాబితా కూడా అక్కడినుంచే మొదలవ్వాలి.

అయితే మన పిల్లల సంగతి ఒకటి గమనించాలి. ఇప్పుడు తెలుగు చదివే టీనేజీ వాళ్ళలో చాలామంది సైన్స్ చదివేది ఇంగ్లీషులో. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు, అయినా పరీక్ష రాసే భాషలోనే మాట మెదడులో నిలుస్తుంది. అంచేత ‘ఉత్ప్రేరకం’, ‘కిరణజన్య’, ‘అభికేంద్రం’ లాంటి పాఠ్యపుస్తకం మాటలు మనకి ఎంత ముద్దొచ్చినా వాళ్ళకి పరాయివే. వాళ్ళకి తెలుగు వచ్చేది ఇంట్లో, వీధిలో, పొలంలో, మెకానిక్ షాపులో. పేర్లు అక్కడ వెతకండి. మేము రెండో వారం ఇల్లంతా తిరుగుతూ రాసుకున్నవి: బొంగరం, భూతద్దం, సూదంటురాయి, సానరాయి, ఇరుసు, గరాటు, మిణుగురు, పాదరసం, తోకచుక్క. మాస్టారు మాత్రం పట్టుబట్టి కక్ష్య, లోలకం చేర్పించారు. ఈసారి జాబితాకి ప్రాణం వచ్చింది.

ఇక వడబోత. ‘ఈ పేరు బాగుందా?’ అని మాత్రం ఎవరినీ అడగకండి. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం ఇష్టంలేని పిల్లలు అన్నీ బాగున్నాయనే అంటారు. దానికి బదులు ఈ నాలుగు పరీక్షలు పెట్టండి. మా జాబితా వీటిలో ఎలా రాలిపోయిందో చెప్తాను, మీ పేర్లు ఎక్కడ రాలతాయో మీకే అర్థమవుతుంది.

మొదటిది వాక్యం పరీక్ష. పత్రిక పేరు ఒంటరిగా ఉండేది అట్ట మీదే, నోట్లో అదెప్పుడూ ఏదో ఒక విభక్తి తోకతోనే తిరుగుతుంది. నాలుగు వాక్యాలు రాసుకుని ప్రతి పేరునీ వాటిలో పెట్టి పైకి చదవండి: ‘ఈ నెల ఫలానా వచ్చిందా?’, ‘ఫలానాలో చదివా’, ‘ఫలానాకి రాసి పంపా’, ‘ఫలానాని ఎవరు చించారు?’. ‘ఎందుకు?’ అన్న పేరు ఎవరికైనా తడుతుంది, సైన్స్‌కి అంతకంటే తగిన మాట ఏముంటుంది అనిపిస్తుంది కూడా. వాక్యంలో పెట్టండి. ‘ఈ నెల ఎందుకు కొన్నావా?’ ఇది తిట్టా, ప్రశ్నా? ‘ఎందుకుకి రాశా’ అనడానికి నోరు తిరగదు. ఎలా, ఏమిటి, అవునా లాంటి ప్రశ్న మాటలన్నీ ఇక్కడే పోతాయి. ‘భూతద్దం’ కూడా ఇక్కడే తడబడింది. ‘భూతద్దంలో చూశా’ అంటే పత్రికలో చూశావా, అద్దంలో పెట్టి చూశావా? తప్పులు వెతికేవాణ్ణి ‘భూతద్దం పెట్టి చూస్తాడు’ అని మనం దెప్పుతాం, ఆ వాసన కూడా దానికి అంటుకునే ఉంది.

ఈ పరీక్షలోనే ఇంకో చిక్కు దొరుకుతుంది, ఇది తెలుగు లిపికి ప్రత్యేకం. పొల్లుతో ఆగే పేరు, అంటే రాకెట్, లెన్స్, ప్రిజమ్ లాంటిది పెట్టారనుకోండి. దానికి ‘లో’ చేర్చి మామూలుగా టైప్ చేస్తే పొల్లు పోయి కింద లావత్తు దిగుతుంది, ‘రాకెట్లో’ అయిపోతుంది. విడిగా ఉంచాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం టైప్ చేయాలి, అది మీ రచయితల్లో కొందరు చేస్తారు, కొందరు చేయరు. రెండేళ్ళ తర్వాత మీ పాత సంచికల్లో మీ పేరే వెతికితే కొన్ని వ్యాసాలు దొరికి కొన్ని దొరక్కపోవచ్చు. సున్నతోనో అచ్చు ధ్వనితోనో ఆగే పేరుకి ఈ బెడద లేదు. ప్రిజమ్ అని కాక ప్రిజం అని సున్నతో రాయాలని మొదటే తేల్చుకున్నా సరిపోతుంది, కానీ తేల్చుకోవాలి, ఎవరిష్టం వాళ్ళు రాస్తే కుదరదు.

రెండోది ఫోన్ పరీక్ష. పేరుని ఫోన్లో ఒక్కసారే చెప్పండి, అర్థం చెప్పొద్దు, అవతల పిల్లల్ని తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి ఫొటో పంపమనండి. ఇంగ్లీషు అక్షరాలు ఎందుకంటే వాళ్ళు వెతికేది అలాగే. తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలు, అమెరికాలో పెరిగే మనవాళ్ళ పిల్లల్లాంటివాళ్ళు, అక్క చదివి వినిపిస్తే విన్న పేరుని ఆ అక్షరాల్లోనే పట్టుకోవాలి. మాస్టారికి ప్రాణప్రదమైన ‘కక్ష్య’ ఇక్కడ పడిపోయింది. గ్రహాలు తిరిగే దారికి అది అచ్చమైన మాటే, కానీ వచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం ‘కక్ష’ అని ఉంది. సైన్స్ పత్రిక మొదలెట్టబోయి పగల పత్రిక పెట్టినట్టైంది. ఇంగ్లీషు అక్షరాల్లో చాలామంది kaksha అని రాశారు, దాన్ని హిందీ వచ్చినవాడు చూస్తే తరగతి గది అనుకుంటాడు. ‘సూదంటురాయి’ ఎంత చక్కని మాట, సూదిని అంటుకునే రాయి, అర్థం పేరులోనే ఉంది. కానీ soodanturayi, sudanturai, soodanturaayi అని ఒకే వీధిలో మూడు రకాలు వచ్చాయి, పైగా పిల్లల్లో ఆ మాట విన్నవాళ్ళే తక్కువ, వాళ్ళకి అది మ్యాగ్నెట్. నాకు ఇప్పటికీ బాధే, అయినా తీసేశాం. వెంటనే కాదు, ఒక వారం ఆగి, అదే పిల్లల్ని ‘ఆ రోజు చెప్పిన పేర్లలో ఏవి గుర్తున్నాయి’ అని అడగండి. ఈ రెండో అడుగు చాలామంది చేయరు, అసలు విలువైన జవాబు ఇక్కడ వస్తుంది.

మూడోది ముక్కల పరీక్ష, ఇది టీనేజీ వాళ్ళకి మాత్రమే పెట్టాల్సింది. వాళ్ళు ఏ పేరునీ పూర్తిగా పలకరు. సగం కోసి, వంకర తిప్పి, వెక్కిరించి వాడుకుంటారు, అలా వాడుకుంటేనే అది వాళ్ళ పత్రిక అయినట్టు కూడా. కాబట్టి వాళ్ళు ఏం చేస్తారో ముందే చూసుకోవాలి. మా నలుగురికీ అప్పటిదాకా అన్నిటికంటే నచ్చినది ‘బొంగరం’. ఎంత పేరది! తిరుగుతున్నంతసేపూ పడదు, తిరుగుతూనే తల వాల్చి మెల్లగా గుండ్రంగా ఊగుతుంది, భూమి అక్షం ఊగేది కూడా అదే తీరు, ఆ ఒక్క ఊగిసలాట పూర్తవడానికి భూమికి దాదాపు 26,000 ఏళ్ళు పడుతుంది. మొదటి సంచిక ముఖచిత్ర కథనం కూడా నా బుర్రలో తయారైపోయింది. మా మేనకోడలు తల దించుకుని నవ్వుతోంది. ఎందుకే అంటే చెప్పదు. చివరికి చెప్పింది: “బొంగరంలో ‘రం’ తీసేస్తారు మామయ్యా.” తీసేసి చూడండి, కాస్త సాగదీసి ‘బొంగ’ కాస్తా ‘బొంగు’ అవుతుంది. ‘ఏం బొంగులే’ అనే మాట కాలేజీ కుర్రాళ్ళ నోట ఎలా వాడతారో వాళ్ళకి తెలుసు, మాస్టారికి తెలియదు. పత్రిక బాగోకపోయిన నెల ఏమంటారో చెప్పక్కర్లేదు. అరవై దాటినవాళ్ళు, పదిహేను దాటినవాళ్ళు ఒకే గదిలో ఉండి పేరు పెట్టాలని నేననేది ఇందుకే.

‘లోలకం’ ఈ పరీక్షలో అనుకోని మార్కులు కొట్టింది. గోడ గడియారం పోయాక లోలకం చూసిన పిల్లలు తగ్గారు కానీ, lolakam అని రాయగానే మొదటి మూడు అక్షరాలు చూసి వాళ్ళే నవ్వుకున్నారు. ఏ అనువాదం అక్కర్లేని జోకు. మాస్టారు ఆ నవ్వు ఎందుకో మాకు రెండుసార్లు చెప్పించుకుని, అలాగైతే ఉండనీయండి అన్నారు.

నాలుగోది నీడ పరీక్ష. ఆకాశానికి సంబంధించిన మాటలన్నిటికీ మన దగ్గర జాతకం నీడ ఉంది. గ్రహణం, గ్రహం, రాశి, నక్షత్రం, తోకచుక్క, ఏది పెట్టినా కొందరు పత్రికని పంచాంగం అనుకుని తీసుకుంటారు, ఇంకొందరు అపశకునం అని పక్కన పెడతారు. ‘ప్రయోగం’ అన్న మాటకి కూడా ఊళ్ళలో చేతబడి అర్థం ఉంది. మూఢనమ్మకాన్ని ఎదిరించడానికే ‘గ్రహణం’ అని పెడదాం అని వాదించేవాళ్ళు ఉంటారు, మా దగ్గరా ఉన్నారు. ఆ పోరాటం లోపలి పేజీల్లో చేయొచ్చు. అట్ట మీద చేస్తే, మొదటి నెల పత్రిక ఆలస్యమవగానే ‘గ్రహణానికి గ్రహణం పట్టింది’ అంటారు, అది ఎవరూ కాచుకోలేని జోకు.

అంతా అయ్యాక మా దగ్గర మిగిలినవి పాదరసం, లోలకం, మిణుగురు, ఇరుసు. వీటిలో పాదరసం పైకి ఎలా వచ్చిందో చెప్తాను. చురుకైన పిల్లల్ని మనం ‘పాదరసంలాంటి బుర్ర’ అంటాం, ఆ పొగడ్త ఊరికే వస్తుంది. సున్నతో ఆగుతుంది, పాదరసంలో, పాదరసానికి, ఎక్కడా తట్టుకోదు. కోస్తే ‘రసం’ మిగులుతుంది, ‘ఈ నెల రసం వచ్చిందా?’ అని అడుగుతారు, అడగనీయండి, అన్నంలో కలిపే మాటకంటే దగ్గరది ఏముంది. ‘పాదం అంటే కాలు కదా’ అని ఒకడు అడిగాడు. కాలుతో సంబంధం లేదు, సంస్కృతంలో దాని పేరు పారదం. ఇదే మొదటి సంచికలో అరపేజీ ముక్క అయింది.

అభ్యంతరం వచ్చింది మాస్టారి నుంచే. పాదరసం విషం, దాని ఆవిరి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి, పగిలిన థర్మామీటర్లోంచి దొర్లిన బొట్లని పిల్లలు అరచేతిలో ఆడించుకునే రోజులు పోయాయి, అలాంటిదాన్ని పత్రిక పేరుగా పెట్టి ముద్దు చేస్తామా అన్నారు. కొట్టిపారేసే మాట కాదు. పేరు మీద ఇలాంటి నిజమైన అభ్యంతరం వస్తే రెండే దారులు: పేరు మార్చడం, లేదా ఆ అభ్యంతరాన్నే మొదటి సంచికలో పెట్టడం. మేము రెండోది ఎంచుకున్నాం. పాతిక డిగ్రీల వేడి దగ్గర ద్రవంగా ఉండే ఏకైక లోహం అది, నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు, ఇనుప మేకు దాని మీద తేలుతుంది, అంత అందమైనదాన్ని చేత్తో ముట్టకూడదు, ఎందుకు ముట్టకూడదో ఇదిగో అని నాలుగు పేజీలు. అది రాయించే షరతు మీద మాస్టారు ఒప్పుకున్నారు.

డిజైన్ సంగతి కొంచెం. పేరు ఖాయం చేసే ముందే డీటీపీ వాళ్ళ చేత అట్ట మీద పెట్టించి చూడండి. తెలుగు అక్షరం పైకి గుడి, ఏత్వం, కిందికి ఒత్తు పాకుతాయి, ఉన్న ఎత్తులోనే అవన్నీ ఇమడాలి. ‘వైజ్ఞానిక’ రాస్తే కింద ఒత్తుకి చోటు వదలాలి, అసలు అక్షరం చిన్నదవుతుంది. ‘పాదరసం’లో ఒక్క ఒత్తూ లేదు, అంత వెడల్పులోనే అక్షరాలు ఎంతో పెద్దగా కూర్చున్నాయి, పది అడుగుల దూరం నుంచి కనబడుతోంది. దుకాణంలో పత్రికలు ఒకదాని మీద ఒకటి పరుస్తారు కాబట్టి అట్టని పైభాగం మాత్రమే కనబడేలా మడిచి కూడా చూడండి. ఇంకోటి, డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్లలో కొడతారు, అవి యూనికోడ్ కావు. ప్రింట్‌లో బాగున్న పేరుని అలాగే కాపీ చేసి ఇంటర్నెట్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. పేరుని యూనికోడ్‌లో విడిగా కొట్టించి దాచుకోండి.

ఇప్పుడు ప్రభుత్వం పని. 1867 నాటి చట్టం పోయి, ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ పీరియాడికల్స్ చట్టం, 2023 వచ్చింది, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. పరిశోధన పత్రాలు వేసే శాస్త్రీయ జర్నళ్ళు ఈ చట్టం కిందికి రావు, కానీ వార్తలూ వ్యాఖ్యలూ ఉండే నెలవారీ సైన్స్ పత్రికని ఆ మినహాయింపులో వేసుకుని ఊరుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేకపోతే పోస్టులో పత్రికలకి ఇచ్చే తక్కువ రేటు కూడా దక్కదు, చందాదారులకి పంపడం తడిసి మోపెడవుతుంది.

పేర్లు వరుసగా అయిదు దాకా ఇవ్వొచ్చు. అసలు నియమం ఇది: దేశంలో ఎక్కడైనా అదే భాషలో అదే పేరు గానీ, దానికి దగ్గరి పేరు గానీ ఇంకొకరికి ఉంటే మీకు ఇవ్వరు. మీ రాష్ట్రంలో అయితే వేరే భాషలో ఉన్నా ఇవ్వరు. అంటే హైదరాబాద్ నుంచి తెలుగు పత్రిక పెట్టేవాళ్ళు తెలుగు పేర్లు వెతికి ఊరుకుంటే చాలదు, తెలంగాణలో ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ పేర్లు కూడా వెతకాలి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో వేసేవాళ్ళు అక్కడి తమిళ, కన్నడ పేర్లు చూసుకోవాలి. మూతపడిన పత్రిక కదా అని ధైర్యం చేయకండి, పేరు రికార్డుల్లో ఇంకొకరి కింద ఉన్నంతకాలం అది వాళ్ళదే. ముందు ‘నవ’, వెనక ‘తెలుగు’ తగిలిస్తే వేరే పేరైపోతుందని కూడా నమ్ముకోవద్దు. ‘విజ్ఞాన’ పేర్లకి ఇక్కడ ఇంకో దెబ్బ తగులుతుంది, అటూ ఇటూగా అలాంటివి ఇప్పటికే బోలెడు ఉంటాయి.

అయిదు పేర్లలో మొదటి రెండే మనసుకి నచ్చినవి ఇచ్చి, మిగతావి ఏదో ఒకటి నింపేవాళ్ళని చూశాను. ఆ నింపుడు పేరే మంజూరైతే ఆ పేరుతోనే బతకాలి. అయిదో పేరు కూడా నాలుగు పరీక్షలూ దాటినదై ఉండాలి. దరఖాస్తు వేసే రోజే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో కూడా వెతకండి, అచ్చు పత్రికలు 16వ తరగతిలో ఉంటాయి, ఆన్‌లైన్ ప్రచురణలు 41లో. అక్కడ ‘సైన్స్ పత్రిక’ లాంటి వర్ణన పేరుకి రక్షణ దొరకడం కష్టం, ‘పాదరసం’ లాంటిదానికి తేలిక, ఎందుకంటే పత్రికకీ ఆ వస్తువుకీ నేరుగా సంబంధం లేదు.

దరఖాస్తులో పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో కూడా నింపాలి. అక్కడ ఏది రాస్తే చందా రసీదుల దగ్గరనుంచి బ్యాంకు ఖాతా దాకా అదే నడుస్తుంది, కాబట్టి ఫోన్ పరీక్షలో పిల్లలు ఎక్కువమంది రాసిన స్పెల్లింగే వేయండి, వ్యాకరణం ప్రకారం సరైనదని ఇంకోటి వేయకండి. మాస్టారు paadarasam అన్నారు, పిల్లలు దాదాపు అందరూ padarasam అని రాశారు, ఫారంలో padarasam వెళ్ళింది.